ఎన్ని రాత్రులో రాసి చెప్పడమే మర్యాద

మన ఇళ్ళలో చుట్టం గుమ్మంలోకి వస్తే ఎన్నాళ్ళుంటారని అడగం. అడిగితే పొమ్మన్నట్టే లెక్క. అందులోనూ విశాఖలో ఉండేవాళ్ళ సంగతి వేరు. పలాస నుంచి, పార్వతీపురం నుంచి, బొబ్బిలి నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఒకరికి కేజీహెచ్‌లో చూపించుకోవాలి, ఒకరికి ఆన్‌లైన్ పరీక్ష సెంటర్ ఇక్కడ పడింది, ఇంకొకరికి తెల్లారుజామున రైలుంది. సిటీలో మనవాళ్ళు ఉన్నారు, ఒక రాత్రి తల దాచుకోవచ్చు అన్న ధైర్యంతోనే ఊళ్ళో బస్సెక్కుతారు. ఆ ధైర్యం పోకూడదనే నేనూ కోరుకుంటాను.

కానీ ఇద్దరు ఉద్యోగస్తులు అద్దె చెరిసగం పంచుకుని ఉండే ఫ్లాట్‌లో లెక్క మారిపోతుంది. సొంతింట్లో చుట్టం అందరికీ చుట్టమే. ఇక్కడ ఒకరికే చుట్టం, రెండోవాళ్ళకి ముక్కూమొహం తెలియని మనిషి. పిలిచినది ఒకరు, బాత్రూమ్ దగ్గర ఆగాల్సింది ఇంకొకరు. అందుకే ఈ విషయంలో ఒక పద్ధతి పెట్టుకోవడం తప్పు కాదని నా గట్టి నమ్మకం. అది మెసేజ్‌గా రాసేటప్పుడు పెత్తనంలా వినబడకూడదని చాలామంది మాటల్ని మెత్తగా, పొడుగ్గా, అస్పష్టంగా చేస్తారు. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. పెత్తనం వినబడేది ఆ అస్పష్టతలోనే. స్పష్టంగా ఒక అంకె రాసిన మెసేజే మర్యాదగా ఉంటుంది.

మా ఆఫీసులో నాకంటే చిన్నమ్మాయి ఒకామె ఈ మధ్య తన ఫోన్ నా చేతికిచ్చి, "అక్కా, ఇది పంపించొచ్చా చూడు" అంది. మధురవాడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఈమెకి పొద్దున్న షిఫ్టు, ఏడింటికల్లా క్యాబ్ కింద ఉంటుంది. ఫ్లాట్‌మేట్‌ది రుషికొండ వైపు కంపెనీలో రాత్రి షిఫ్టు. ఆమె చిన్నాన్న కూతురు ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చి హాల్లో పరుపేసుకుని ఉంటోంది. రెండు రోజులని వచ్చింది, వారం దాటింది. వంటింటికి వెళ్ళాలంటే హాల్లోంచే వెళ్ళాలి. పొద్దున్నే లైటు వేస్తే పడుకున్న పిల్ల లేస్తుంది, వేయకపోతే చీకట్లో టిఫిన్ బాక్సు సర్దుకోవాలి. అటాచ్డ్ బాత్రూమ్ ఫ్లాట్‌మేట్ గదిలో ఉంది, కాబట్టి బయట బాత్రూమ్‌లో ఈమెకీ వచ్చిన పిల్లకీ ఒకటే గీజరు. వీటిలో ఒక్కటీ పెద్ద నేరం కాదు. కానీ రోజూ ఆరున్నర నుంచి ఏడు దాకా ఆ అరగంట ఆమెకి నరకంగా ఉంది.

ఆమె రాసిన మెసేజ్ ఇలా ఉంది. "ఏమీ అనుకోకు, నాకేం ప్రాబ్లం లేదు, మీ చెల్లి చాలా మంచిది. కానీ కొంచెం ఎక్కువ రోజులు అయినట్టుంది కదా, ఓనర్ ఆంటీ ఏమైనా అంటారేమోనని. ఇకమీద గెస్టులు వస్తే కొంచెం చూసుకుందాం, సరేనా."

మర్యాదగానే ఉంది. కానీ చదివిన మనిషికి ఏం చేయాలో తెలియదు. "ఎక్కువ రోజులు" అంటే ఎన్ని? "కొంచెం చూసుకుందాం" అంటే వద్దనా, తక్కువ చేయమనా, ముందు చెప్పమనా? వచ్చే నెల ఎవరో ఒక్క రాత్రికి వస్తామంటే ఆమె ఈ మెసేజ్ గుర్తు చేసుకుని, మనసులో ఏమనుకుంటుందో అని రాసినావిడ మొహం చూడాలి. ప్రతిసారీ తీర్పు చెప్పే అధికారం రాసినావిడ చేతిలోనే ఉండిపోతుంది. ఒకసారి మొహం మామూలుగా ఉంటుంది, ఆఫీసులో తలనొప్పిగా ఉన్న రోజు ముడుచుకుంటుంది. దీన్నే నేను పెత్తనం అంటాను. రాసినామె ఉద్దేశం ఎంత మంచిదైనా ఆ ఏర్పాటు అలాగే పనిచేస్తుంది.

అదే "వరుసగా రెండు రాత్రుల వరకు చెబితే చాలు" అని రాస్తే ఆ అంకె ఇద్దరినీ కట్టేస్తుంది. రెండు రాత్రులకి ఎవరైనా వచ్చినప్పుడు ముందు రోజు చెప్పి ఉంటే, మొహం ముడుచుకునే హక్కు నాకిక లేదు. రూల్ పెట్టినవాళ్ళకి కూడా హద్దు గీసేది అంకె ఒక్కటే.

అయితే ఆ అంకె ఎక్కడి నుంచి తేవాలి? చిక్కంతా ఇక్కడే. కోపంలో ఉన్నప్పుడు మనకి తోచే అంకె ఇప్పుడు జరుగుతున్నదానికంటే ఒక మెట్టు కింద ఉంటుంది. నెలకి నాలుగు రాత్రులు ఎవరో ఒకరు వస్తున్నారనుకోండి, మనం మూడు అని రాస్తాం. అది చదివినవాళ్ళకి రూల్‌లా కనిపించదు, ఇన్నాళ్ళూ నువ్వు చేసింది తప్పు అన్న తీర్పులా కనిపిస్తుంది. నేను ఆ అమ్మాయికి చెప్పింది ఏమిటంటే, మామూలు నెలలో మీ ఇద్దరి తరఫునా ఎవరెవరు వస్తారో ముందు ఒక కాగితం మీద రాయి. ఫ్లాట్‌మేట్ తరఫున ఇద్దరు స్నేహితురాళ్ళు శనివారాలు ఎప్పుడైనా ఉండిపోతారు. ఈమె తరఫున తమ్ముడు పరీక్షలకి వస్తాడు, అమ్మ పండక్కి ముందు బట్టలు కొనడానికి వచ్చి రెండు రాత్రులుంటుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు, అంటే ఆషాఢ పౌర్ణమికి ముందు, ఇద్దరి ఊళ్ళ నుంచీ మనుషులు దిగుతారు. ముప్పై కిలోమీటర్లకి పైగా నడిచినవాళ్ళని రాత్రికి రాత్రే ఊరెళ్ళమని అనలేం కదా. ఇవన్నీ కలిపి చూస్తే, ఒక్కొక్కరి తరఫున నెలకి నాలుగు రాత్రులు మామూలుగా అవుతాయని తేలింది. దానిమీద రెండు కలిపి ఆరు అన్నాం. మామూలుగా వచ్చేవాళ్ళెవరూ ఆ రూల్‌కి తగలకూడదు, మామూలు కానిది మాత్రమే తగలాలి. మన అమ్మ వచ్చినప్పుడు మనమే దాన్ని తప్పాల్సి వచ్చేలా ఉంటే ఆ అంకె తప్పు.

రెండో సంగతి, చెప్పడానికీ అడగడానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది. రాత్రి ఉండబోయే ప్రతి మనిషికీ అనుమతి అడగాలంటే అది హాస్టల్ అవుతుంది. అద్దె కట్టే మనిషి తన ఇంటికి తన స్నేహితురాలిని పిలుచుకోవడానికి ఇంకొకరి ఒప్పుకోలు ఎందుకు? కాబట్టి రెండు రాత్రుల లోపైతే కేవలం తెలియజేయడం, దానికి అవతలివాళ్ళు "సరే" అనాల్సిన పని కూడా లేదని మెసేజ్‌లోనే రాయాలి. మెసేజ్ మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన వాక్యం ఇదే, ఎందుకంటే రాసినవాళ్ళు ఏది వదులుకుంటున్నారో ఇందులో కనిపిస్తుంది. రెండు దాటితే మాత్రం అడగాలి, ఎందుకంటే అప్పటికి అది ఇద్దరి పొద్దుటి పనినీ మార్చేస్తుంది.

ఇక ఓనర్ ఆంటీ సంగతి. మన మెసేజ్‌లలో ఈ ఓనర్ ఆంటీ ఎక్కడపడితే అక్కడ ప్రత్యక్షమవుతుంది. లేకపోతే వాచ్‌మన్ అడిగాడు, పక్క ఫ్లాట్ వాళ్ళు చూస్తున్నారు, మా అమ్మకి తెలిస్తే ఊరుకోదు. మన ఇబ్బందిని మన నోటితో చెప్పలేక ఇంకొకరి నోట్లో పెడతాం. వినడానికి మెత్తగా ఉంటుంది కానీ దీనికంటే చెడ్డ పని లేదు. ఫ్లాట్‌మేట్ నేరుగా ఓనర్‌కి ఫోన్ చేసి అడిగి, ఆవిడ "నాకేం అభ్యంతరం లేదమ్మా" అంటే ఆ రూల్ అక్కడికక్కడే కూలిపోతుంది. పైగా అగ్రిమెంట్ ఒకరి పేరు మీదే ఉండి, రెండోవాళ్ళు తర్వాత వచ్చి చేరిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ పేరున్న మనిషి ఓనర్ మాట ఎత్తితే, నిన్ను బయటికి పంపగలను అని చెప్పినట్టే వినబడుతుంది. మధురవాడ అమ్మాయి విషయంలో అగ్రిమెంట్ ఆమె పేరు మీదే ఉంది. అందుకే ఆ వాక్యం పూర్తిగా తీసేయించాను.

ఓనర్ మాట నిజంగా వచ్చే చోటు ఒకటుంది, అది దాచకూడదు. మన దగ్గర అద్దె అగ్రిమెంట్లు ఎక్కువగా పదకొండు నెలలకే రాసుకుంటారు. ఆ కాగితంలో ఎంతమంది ఉంటారో, ఇంకొకరికి అద్దెకివ్వకూడదనో సాధారణంగా రాసి ఉంటుంది. రెండు రాత్రులు ఉన్న చెల్లెలికి దానితో సంబంధం లేదు. కానీ నెలలో సగం రోజులు ఒకే మనిషి ఉంటే, ఆ మనిషి బట్టలు అల్మారాలోకి చేరితే, అది అతిథి దాటి మూడో అద్దెదారు వ్యవహారం అవుతుంది. అప్పుడు కాగితంలో ఉన్న వాక్యాన్ని ఫోటో తీసి చూపించి, ఏం చేద్దామని అడగడం న్యాయమే. లేని కోపాన్ని ఓనర్‌కి అంటగట్టడం మాత్రం అన్యాయం.

మగవాళ్ళు రాత్రి ఉండటం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మాయిల ఫ్లాట్‌లలో ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. ఇద్దరు పెద్దవాళ్ళు పెళ్ళి కాకుండా కలిసి ఉండటం నేరం కాదని 2010లో ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్లాట్‌మేట్ ఎవరిని ఇష్టపడుతుందో తేల్చే పని నాది కాదు. అలాగని ఇంట్లో తెలియని మగమనిషి ఉన్నాడో లేదో ముందే తెలుసుకోవాలనుకోవడం వెనకబాటుతనమూ కాదు. నేను నైటీలో వంటింట్లోకి వెళ్ళే ఇల్లు అది. కాబట్టి మెసేజ్‌లో "అబ్బాయిలు వద్దు" అని రాయకూడదు, "మన ఇంటికి ఓ పరువుంది" అని అసలే రాయకూడదు. ఎవరు వచ్చినా ముందు రోజు చెప్పడం, వచ్చినవాళ్ళకి తాళం ఇచ్చి మనం బయటికి వెళ్ళే ముందు రెండోవాళ్ళని అడగడం, ఈ రెండు రాస్తే నాకు కావలసిన భద్రత అంతా వచ్చేస్తుంది. వచ్చింది తమ్ముడైనా స్నేహితుడైనా ప్రేమించిన మనిషైనా అదే వర్తిస్తుంది. ఈ రెండూ పెట్టాక కూడా మనసు ఒప్పుకోకపోతే, అది మెసేజ్‌తో తీరేది కాదు. ఒకే ఇంట్లో ఉండగలమా లేదా అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

చివరికి మేమిద్దరం కూర్చుని రాసిన మెసేజ్ ఇది.

"సాయంత్రం తీరిగ్గా మాట్లాడుకుందామని ఒక విషయం ముందే రాస్తున్నా, నీకూ ఆలోచించుకోవడానికి టైమ్ ఉంటుంది. ఇంట్లో రాత్రి ఎవరైనా ఉండాల్సి వస్తే మనిద్దరికీ ఒకే పద్ధతి పెట్టుకుందాం. ఒకటి రెండు రాత్రులైతే ముందు రోజు ఒక మెసేజ్ పెడితే చాలు, రెండోవాళ్ళు ఒప్పుకోవాల్సిన పని లేదు. వరుసగా రెండు రాత్రులు దాటేలా ఉంటే ముందు అడుగుదాం. ఒక్కొక్కరి తరఫున నెలకి ఆరు రాత్రులు దాటకుండా చూద్దాం. వచ్చినవాళ్ళకి తాళం ఇచ్చి బయటికి వెళ్ళాల్సి వస్తే ముందు అడుగుదాం. ఆసుపత్రి పని, ఊళ్ళో ఏదైనా అవసరం లాంటివి ఈ లెక్కలోకి రావు, తెలిసిన వెంటనే చెబితే చాలు. మీ చెల్లి ఉన్నప్పుడు పొద్దున్న బాత్రూమ్ దగ్గర, వంటింట్లో నాకు ఇబ్బందయింది. తన తప్పేం లేదు, మనం ముందు మాట్లాడుకోలేదు. ఏడింటికి బయలుదేరాలి కాబట్టి ముందే తెలిస్తే రాత్రే నా పని చేసి పెట్టుకుంటాను. ఇందులో నీకు కుదరనిది ఏదో చెప్పు, అంకెలు మార్చుకుందాం."

దీంట్లో ఆ అమ్మాయి ఒప్పుకోడానికి ఇబ్బంది పడింది చెల్లి గురించిన వాక్యం దగ్గరే. "అది తీసేసి, ఇది మీ చెల్లి గురించి కాదు అని రాద్దాం అక్కా" అంది. నేను వద్దన్నాను. చెల్లి వారం ఉండి వెళ్ళాక వచ్చిన మెసేజ్ చెల్లి గురించి కాదంటే ఎవరు నమ్ముతారు? ఆ ఒక్క అబద్ధం మిగతా వాక్యాలన్నిటి మీదా అనుమానం తెస్తుంది. జరిగింది జరిగినట్టు ఒక ముక్కలో చెప్పి, తప్పు ఆ పిల్ల మీద లేదని నిజాయితీగా అంటే అక్కడితో ఆ విషయం అయిపోతుంది. కారణం కూడా ఒక్కటే రాశాం, అదీ తన పొద్దుటి టైము గురించి. కరెంటు బిల్లు, నీళ్ళు, గ్యాసు, చెత్త అంటూ కారణాలు పేర్చుకుంటూ పోతే ఫిర్యాదుల పుస్తకం అవుతుంది. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుందన్నది నిజమే, కానీ రెండు రాత్రుల ఫ్యానుకి లెక్క కట్టడం సంసారపక్షం కాదు. వారం దాటి ఉండే మనిషి వస్తే ఆ నెల బిల్లు ఎలా పంచుకోవాలో అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఎప్పుడు పంపాలన్నది కూడా ముఖ్యమే. చెల్లి ఇంకా హాల్లో ఉండగా పంపితే ఆ ఫోన్ ఆ పిల్ల చేతిలో ఉండొచ్చు, అక్క పక్కన కూర్చుని చదవొచ్చు. "ఇదేమైనా సత్రమా" అని ఎవరూ అనకపోయినా ఆ మాటే వినబడుతుంది. చెల్లి ఊరెళ్ళిన తర్వాత, ఫ్లాట్‌మేట్‌కి సెలవున్న రోజు, నిద్ర లేచాక చూసుకునేలా మధ్యాహ్నం పంపమన్నాను. రాత్రి షిఫ్టు మనిషికి పొద్దున్న తొమ్మిదికి వచ్చిన మెసేజ్ అర్ధరాత్రి మెసేజ్‌తో సమానం. వాయిస్ మెసేజ్ వద్దన్నాను, గొంతులో వణుకో విసుగో దొర్లుతుంది, పైగా అందులో అంకెల్ని మళ్ళీ వెతుక్కోవడం కష్టం.

జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. రెండు రాత్రుల సంగతీ తాళం సంగతీ ఆమెకి సమ్మతమే. ఆరు రాత్రుల దగ్గర ఆగింది. వాళ్ళ అమ్మగారిని కేజీహెచ్‌లో చూపిస్తున్నారట, నెలకోసారి వచ్చి నాలుగైదు రోజులు ఉండాల్సి వస్తుందట. అది ఆసుపత్రి పని కింద పోతుందా, ఆరు రాత్రుల లెక్కలోకే వస్తే ఇంక స్నేహితురాళ్ళెవరూ రాకూడదా అని అడిగింది. ఈ ప్రశ్న రావడమే ఆ మెసేజ్ సరిగ్గా రాశామనడానికి గుర్తని నేనంటాను. మొదటి మెసేజ్‌కి ఇలాంటి ప్రశ్న వచ్చే వీలే లేదు, దానికి "సారీ, చూసుకుంటా" అన్న జవాబు వచ్చేది, అమ్మగారి సంగతి మనసులోనే ఉండిపోయేది. అమ్మగారి రోజులు లెక్కలోకి రావని, డాక్టర్ ఇచ్చిన తేదీ తెలిసిన రోజే గోడ మీది క్యాలెండర్‌లో రాయాలని తేల్చుకున్నారు. ఆమె వచ్చినప్పుడు హాల్లో కాకుండా కూతురి గదిలో పడుకుంటారని ఫ్లాట్‌మేటే అంది, అటాచ్డ్ బాత్రూమ్ దగ్గరుంటుంది కదా అని.

రూల్ పెట్టుకున్నాక తప్పే రోజు కూడా వస్తుంది. అప్పుడు మళ్ళీ పెద్ద మెసేజ్ రాయకూడదు, పాత మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పంపనే కూడదు. మనిషిని బోనులో నిలబెట్టినట్టుంటుంది. "ఇవాళ మూడో రాత్రి కదా, ఇంకెన్నాళ్ళుంటారో చెప్తావా, దాన్నిబట్టి పొద్దున్న టైము సర్దుకుందాం" అంటే చాలు. అంకె ముందే ఒప్పుకున్నది కాబట్టి ఈ రెండు ముక్కల్లో కోపం అక్కర్లేదు. ఇదీ పనిచేయక, చెప్పకుండా మనుషులు రావడం మామూలైపోతే ఇంకో మంచి మెసేజ్ కోసం వెతుక్కోవద్దు. అగ్రిమెంట్‌లో ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళ ముందు నోటీసు ఇవ్వాలో, అడ్వాన్స్ ఎవరెవరిది ఎంతుందో చూసుకుని, పదకొండు నెలలు పూర్తయ్యేలోపు ఎవరు ఉంటారో ఎవరు వెళ్తారో ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి.